ఒకే గొడుగులో తమ్ముడి భుజమే ఎందుకు తడుస్తుంది?

మలక్‌పేట నుంచి ఒక తల్లి అడిగారు: "పిల్లలిద్దరూ ఒకే గొడుగులో స్కూలుకు వెళ్తారు. పెద్దదానికి చుక్క తగలదు, చిన్నోడు ఒక పక్కంతా ముద్దయిపోతాడు. అక్క గొడుగు తనవైపు లాక్కుంటోందా?"

లేదమ్మా, ఆ పిల్లను కోప్పడకండి. తేడా అంతా ఎత్తులో ఉంది.

గాలి లేకపోతే గొడుగు కింద పొడిగా ఉండే చోటు నిట్టనిలువుగా ఉంటుంది. గాలి వీస్తే అది సాయంత్రం ఎండలో నీడలాగా పక్కకు వాలుతుంది. అంచు నుంచి కిందికి పోయేకొద్దీ ఇంకా పక్కకు జరుగుతుంది. నాకు భలే ఇష్టమైన సంగతి ఇది.

లెక్క వేసి చూద్దాం. 2 మిల్లీమీటర్ల చినుకు సెకనుకు దాదాపు ఆరున్నర మీటర్ల వేగంతో పడుతుంది. గాలి సెకనుకు 3 మీటర్లు అనుకుందాం. అంటే చినుకు మీటరు కిందికి దిగేలోపు 46 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. గొడుగు వెడల్పు మీటరు. పిల్లలిద్దరి భుజాలూ కలిపి 65 సెంటీమీటర్లు అనుకుంటే, రెండు పక్కలా పదిహేడేసి సెంటీమీటర్లు మిగులుతాయి. గొడుగు పట్టుకున్న అక్క భుజం అంచుకు 30 సెంటీమీటర్లు కిందే ఉంటుంది కాబట్టి, గాలి వైపు తను ఉంటే వాన 14 సెంటీమీటర్లే లోపలికి వస్తుంది, ఆమెకు తగలదు. తమ్ముడి భుజం అంచుకు 55 సెంటీమీటర్లు కింద. అటువైపు వాడుంటే వాన 25 సెంటీమీటర్లు లోపలికి వస్తుంది. చొక్కా ఎనిమిది సెంటీమీటర్ల మేర తడిసినట్టే.

ఇంటర్ ఫస్టియర్‌లో గొడుగు ఎంత వంచాలో కోణం కట్టిస్తారు. పక్కన ఒక పొట్టి తమ్ముణ్ని కూడా నిలబెడితే, ఆ లెక్క పిల్లలకు జన్మలో మర్చిపోలేనంతగా గుర్తుంటుంది.

కాబట్టి తమ్ముణ్ని గాలికి అవతలి పక్కన నడిపించండి. వాలిన పొడి చోటు వాడి మీదికే వస్తుంది. నడక వల్ల కూడా వాన ఎదురుగా వస్తున్నట్టే తగులుతుంది, అందుకే వాడు అరడుగు వెనకుంటే ఇంకా మంచిది. పరిగెత్తితే మోకాళ్లు మరింత తడుస్తాయి.

సన్న తుంపర్ల దగ్గర మాత్రం ఈ ఉపాయం సరిపోదు. ఒక మిల్లీమీటరు చినుకు సెకనుకు 4 మీటర్లే దిగుతుంది, దాన్ని గాలి ఇంకా ఎక్కువ లాక్కుపోతుంది. అప్పుడు అక్క భుజం కూడా తడుస్తుంది, గొడుగును గాలికి ఎదురుగా వంచక తప్పదు.

వానాకాలంలో హైదరాబాద్‌లో గాలి ఎక్కువగా పడమటి నుంచే. మీ పిల్లలు పొద్దున ఉత్తరానికి నడిచేటట్టయితే తమ్ముడు అక్కకు కుడివైపు ఉండాలి, సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు ఎడమవైపు. సందుల్లో గాలి మలుపు తిరుగుతుంది కాబట్టి, ఏ భుజం తడుస్తోందో చూసి పక్క మారమనండి.