జీతానికి పన్ను సున్నా, పొలానికి పన్ను లేదు. మరి ఈ 23,400 ఎక్కడివి?

తెనాలి దగ్గర ఒక లెక్చరర్ ఉన్నారనుకుందాం. స్టాండర్డ్ డిడక్షన్ పోగా 2025-26లో ఆయన జీతం ఆదాయం 11,50,000. కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా రిబేటు వల్ల పన్ను పడదు కాబట్టి ఫారం 16లో సున్నా కనిపిస్తుంది. తండ్రి నుంచి వచ్చిన మాగాణి మీద ఖర్చులు పోగా మరో 3,00,000 మిగిలింది. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదని చిన్నప్పటినుంచీ వింటున్నదే. కానీ రిటర్న్ వేయడానికి కూర్చుంటే 23,400 కట్టమంటుంది. పొలం ఆదాయాన్ని పాక్షికంగా కలిపి లెక్కించే పద్ధతి వల్ల వచ్చిన బాకీ ఇది.

1860లో బ్రిటిష్ ఇండియా ఆర్థిక వ్యవహారాలు చూసిన జేమ్స్ విల్సన్ తెచ్చిన తొలి ఆదాయపు పన్ను పొలం ఆదాయాన్ని కూడా వదల్లేదు. 1886 చట్టం దాన్ని మినహాయించింది. 1935 భారత ప్రభుత్వ చట్టం ఆ పన్ను వేసే అధికారాన్ని రాష్ట్రాలకు ఇస్తే, 1938లో బీహార్ ముందుగా వాడుకుంది. రాజ్యాంగం కూడా ఈ గీతను అలాగే ఉంచింది: వ్యవసాయ ఆదాయంపై పన్ను రాష్ట్రాలది, మిగతా ఆదాయంపై పన్ను కేంద్రానిది.

హరిత విప్లవం తర్వాత పెద్ద కమతాల్లో డబ్బు కనిపించసాగింది. వ్యాపారం, పొలం రెండూ ఉన్నవాళ్లు వ్యాపార లాభాన్ని పొలం లెక్కలో చూపిస్తే అడిగే దారి సరిగ్గా లేదు. 1972లో ఆర్థికవేత్త కె.ఎన్. రాజ్ అధ్యక్షతన వేసిన కమిటీ రెండు మందులు చెప్పింది. ఒకటి, కమతాల మీద రాష్ట్రాలు వేయాల్సిన కొత్త పన్ను. అది మూలన పడింది. పొలాల మీద పన్ను వేసి ఓట్లు అడగడానికి ఏ రాష్ట్రానికి ధైర్యం ఉంటుంది? రెండోది, పొలం ఆదాయం మీద కాకుండా, దాన్ని చూసి మిగతా ఆదాయం మీద రేటు పెంచడం. వై.బి. చవాన్ ఆర్థిక మంత్రిగా ఉండగా 1973 ఫైనాన్స్ చట్టంలో ఇది చేరింది. కేంద్రం గీత దాటలేదు, కానీ గీత అవతల ఏముందో చూసి రేటు వేస్తోంది. తెలివైన ఏర్పాటే అనాలి.

ఇది వ్యక్తులకు, హిందూ అవిభక్త కుటుంబాల వంటివాళ్లకు వర్తిస్తుంది. కంపెనీలకు, భాగస్వామ్య సంస్థలకు వర్తించదు. నికర వ్యవసాయ ఆదాయం 5,000 దాటాలి, మిగతా ఆదాయం కూడా కనీస మినహాయింపు పరిమితిని, అంటే కొత్త విధానంలో 4 లక్షలను, దాటాలి. పొలం తప్ప వేరే ఆధారం లేని రైతుకు దీనితో పని లేదు.

ఇక లెక్చరర్ గారి లెక్క. ముందు రెండు ఆదాయాలూ కలపాలి: 14,50,000. ఇదంతా జీతమే అన్నట్టు శ్లాబుల ప్రకారం పన్ను లెక్క కడితే, 4 నుంచి 8 లక్షల దాకా 20,000, 8 నుంచి 12 దాకా 40,000, మిగిలిన రెండున్నర లక్షల మీద 15 శాతం చొప్పున 37,500. మొత్తం 97,500.

తర్వాత పొలం ఆదాయానికి కనీస మినహాయింపు కలపాలి: 3 లక్షలు, 4 లక్షలు, వెరసి 7 లక్షలు. దీని మీద పన్ను 15,000. మొదటి దాంట్లోంచి ఇది తీసేస్తే 82,500. అంటే పొలం ఆదాయం కింది శ్లాబుల్లో కూర్చుని, జీతాన్ని పై శ్లాబుల్లోకి నెట్టిందన్నమాట.

రిబేటు ఇక్కడే వస్తుంది. పన్ను మినహాయించిన పొలం ఆదాయం చట్టం లెక్కలోని ‘మొత్తం ఆదాయం’లోకి రాదు కాబట్టి ఆయనది ఇప్పటికీ 11,50,000, 12 లక్షల లోపే. రిబేటు దొరుకుతుంది, కానీ దాని గరిష్ఠం 60,000. 82,500 నుంచి అది పోతే 22,500. దానిపై 4 శాతం సెస్సు 900. మొత్తం 23,400. పొలమే లేకపోతే పన్ను 55,000 అయ్యేది, దాన్ని రిబేటు మొత్తం మింగేసేది. కాలేజీకి ఆయన పొలం సంగతి చెప్పలేదు కాబట్టి జీతంలో పన్ను కోతా పడలేదు. టెన్షన్ అంతా జూలైలో వచ్చి పడింది.

ఎక్కువమంది పొరపడేది ఆ 3 లక్షల దగ్గరే. మిల్లు ఇచ్చిన చీటీలోని మొత్తం రాస్తారు. దుక్కి, విత్తనం, ఎరువులు, కూలి పోగా మిగిలిందే లెక్కలోకి రావాలి, గత 8 సంవత్సరాల్లో సర్దుబాటు కాని వ్యవసాయ నష్టం ఉంటే దాన్నీ తగ్గించుకోవచ్చు. దీనికి ఎదురు తప్పు, గేదెల పాలు, కోళ్ల ఫారం, రొయ్యల చెరువు రాబడిని పొలం ఖాతాలో వేయడం. అవి వ్యాపార ఆదాయం కిందకు వస్తాయి, వాటికి మామూలు పన్నే.

పొలం ఆదాయం 5,000 దాటితే ITR-1 రిటర్న్ ఫారం పనికిరాదు. లెక్చరర్ గారు ITR-2 తీసి, అందులో మినహాయింపు ఆదాయాలు చూపే Schedule EI నింపాలి. నికర ఆదాయం 5 లక్షలు దాటితే జిల్లా, పిన్‌కోడ్, భూమి విస్తీర్ణం, సొంతమా కౌలా, నీటి వసతి ఉందా వర్షాధారమా అన్నవి కూడా అందులోనే రాయాలి. ఆయనది 3 లక్షలే కాబట్టి ఇవి అడగదు.