సగటు స్వేచ్ఛా పథం: వాక్యూమ్ కోటింగ్‌లో వినిపించే అపోహలు, వాస్తవాలు

గాజుపై అల్యూమినియం పూత వేసే వాక్యూమ్ చాంబర్‌తో చాలాకాలంగా పనిచేస్తున్నాను. ఈ పనికి కొత్తగా వచ్చినవారు పొరపడేది ఎక్కువగా సగటు స్వేచ్ఛా పథం విషయంలోనే.

అపోహ: అణువుల మధ్య ఉండే దూరమే సగటు స్వేచ్ఛా పథం.

గది ఉష్ణోగ్రతలో, వాతావరణ పీడనం వద్ద నైట్రోజన్ అణువుల మధ్య ఎడం సుమారు 3.4 నానోమీటర్లు కాగా, ఒక అణువు రెండు అభిఘాతాల మధ్య, అంటే ఒకసారి ఢీకొన్నాక మళ్లీ ఢీకొనేలోగా, సగటున దాదాపు 67 నానోమీటర్లు ప్రయాణిస్తుంది. ఈ దూరమే సగటు స్వేచ్ఛా పథం. అణువు చిన్నది కనుక పక్కనున్న వాటిని తాకకుండానే చాలావాటిని దాటిపోతుంది. అయినా సెకనుకు సుమారు 475 మీటర్ల సగటు వేగంతో కదులుతున్నందువల్ల, సెకనులో దాదాపు 700 కోట్ల సార్లు ఢీకొంటుంది.

λ = kT / (√2 π d² P)

ఇక్కడ λ సగటు స్వేచ్ఛా పథం, k బోల్ట్జ్‌మన్ స్థిరాంకం, T కెల్విన్‌లలో ఉష్ణోగ్రత, P పీడనం, d అణువు వ్యాసం, నైట్రోజన్‌కు సుమారు 0.37 నానోమీటర్లు.

అపోహ: స్వేచ్ఛా పథం చాంబర్ కంటే ఎక్కువైతే అభిఘాతాలే ఉండవు.

అది సగటు మాత్రమే. L దూరాన్ని ఢీకొనకుండా దాటే అణువుల వాటా exp(−L/λ). అల్యూమినియం ఆవిరయ్యే మూలం నుంచి గాజుకు 30 సెంటీమీటర్లు ఉందనుకుందాం. 10⁻³ మిల్లీబార్ వద్ద స్వేచ్ఛా పథం సుమారు 6.8 సెంటీమీటర్లే కాబట్టి నూటికి ఒక్క అణువే నేరుగా చేరుతుంది. 10⁻⁴ వద్ద 64 శాతం, 10⁻⁵ వద్ద 96 శాతం చేరతాయి. అల్యూమినియం పరమాణువు నైట్రోజన్ అణువు లాంటిది కాదు కనుక ఇవి అంచనాలే గానీ, పీడనం ఎంతవరకు దించాలో నిర్ణయించుకోవడానికి సరిపోతాయి. 10⁻³ వద్దే పూత మొదలుపెడితే దారిలో చెదిరిన లోహపు ఆవిరి గాజుకు చేరక గోడలకు అంటుకుంటుంది, మిగిలిన వాయువుతో కలిసి పూత మసకబారుతుంది.

10⁻⁵ మిల్లీబార్ వద్ద కూడా ఒక ఘన సెంటీమీటరులో సుమారు 24 వేల కోట్ల అణువులుంటాయి. అక్కడ ఒక అణువు మరో అణువును సెకనుకు 70 సార్లే ఢీకొంటుంది, అర మీటరు చాంబర్‌లో గోడలను మాత్రం దాదాపు వెయ్యి సార్లు తాకుతుంది.

అపోహ: వేడి చేస్తే స్వేచ్ఛా పథం తప్పక పెరుగుతుంది.

పీడనం స్థిరంగా ఉంటేనే అది నిజం, అప్పుడు అభిఘాత పౌనఃపున్యం ఉష్ణోగ్రత వర్గమూలానికి విలోమంగా తగ్గుతుంది. మూసిన పాత్రలో అణువుల సాంద్రత మారదు కాబట్టి స్వేచ్ఛా పథం దాదాపు అలాగే ఉంటుంది, వేగం పెరిగినందువల్ల అభిఘాతాలు పెరుగుతాయి. మా చాంబర్‌లో జరిగేది ఈ రెండూ కాదు: అల్యూమినియాన్ని ఉంచి ఆవిరి చేసే టంగ్‌స్టన్ బోటును వేడి చేయగానే దానిలోనూ గోడలపైనా పట్టి ఉన్న నీటి ఆవిరి వంటివి విడుదలై పీడనం ఎగబాకుతుంది, స్వేచ్ఛా పథం కుదించుకుపోతుంది. అందుకే బోటుకూ గాజుకూ మధ్య ఉండే షట్టర్‌ను మూసి ఉంచి, గేజ్ మళ్లీ 10⁻⁵ దరిదాపులకు దిగాకే తెరుస్తాం.