మూడింటికే మెలకువ

మా వీధిలో ఒక రిటైర్డ్ టీచర్ ఉన్నారు. అందరం అయ్యోరు అనే పిలుస్తాం. రాత్రి మూడైందంటే చాలు, ఆయనకు కళ్లు తెరుచుకుంటాయి. మళ్లీ పట్టదు. కొండ మీద సుప్రభాత సేవ వేళ కూడా అదే కాబట్టి, స్వామి లేపుతున్నాడని ఇంట్లోవాళ్లు చాన్నాళ్లు సర్దిచెప్పారు. కానీ పగలంతా తలనొప్పి, చీటికీమాటికీ చిరాకు. ఆ సర్దుబాటు ఎంతకాలమని నిలుస్తుంది?

మూడింటికి మెలకువ రావడం దానికదే జబ్బు కాదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకూ రాత్రిలో చాలాసార్లు మెలకువ వస్తుంది. ఒకటి రెండు నిమిషాల్లో మళ్లీ నిద్రలోకి జారుకుంటారు కాబట్టి పొద్దున్నే ఏదీ గుర్తుండదు. వచ్చిన మెలకువ పోకపోవడమే ఇక్కడ అసలు సమస్య. దానికి కారణం తెలియాలంటే మనల్ని నిద్రపుచ్చేవి రెండున్నాయని తెలియాలి. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో ఈ రెండింటినీ కలిపి ఒక సిద్ధాంతంగా వివరించారు.

ఒకటి నిద్ర ఒత్తిడి. మేలుకుని ఉన్నంతసేపూ అది పెరుగుతూ పోతుంది. మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకోవడం దీనికి ఒక ముఖ్య కారణం. నిద్రపోతే అది తగ్గుతుంది. అప్పు తీరినట్టు మొదట్లో గబగబా, తర్వాత నెమ్మదిగా. గాఢనిద్ర ఎక్కువగా రాత్రి మొదటి సగంలోనే వచ్చేది ఇందుకే. రెండోది ఒంట్లోని గడియారం. రాత్రి ఏ వేళకు నిద్రపుచ్చాలో, ఏ వేళకు లేపాలో అది చూసుకుంటుంది.

తొమ్మిదిన్నరకు నిద్రపోయిన మనిషికి మూడయ్యేసరికి ఐదున్నర గంటల నిద్ర అయిపోతుంది. నిద్ర ఒత్తిడి చాలావరకు తీరిపోయి ఉంటుంది. మిగిలింది తేలికపాటి నిద్ర, కలల నిద్ర. మరోపక్క తెల్లవారడానికి సిద్ధమవుతూ కార్టిసాల్ అనే హార్మోను పెరగడం మొదలవుతుంది. ఇలాంటి వేళ కుక్క మొరిగినా, మూత్రం వచ్చినా, ఫ్యాన్ ఆగి ఉక్కపోసినా మెలకువ వచ్చేస్తుంది. పన్నెండింటికి ఇవే జరిగితే తెలియను కూడా తెలియదు. మూడు అనే అంకెలో మహత్యమేమీ లేదు. పడుకునే వేళ మారితే మెలకువ వచ్చే వేళ కూడా చాలావరకు మారుతుంది.

ఇంతవరకూ సహజమే. చిక్కు దీని తర్వాత మొదలవుతుంది. అయ్యోరు ముందుగా గడియారం చూస్తారు. ‘ఇంకా మూడే, రేపు బ్యాంకు పనుంది, ఎట్లా?’ అని లెక్కలు వేసుకుంటారు. ఆ టెన్షన్‌తో గుండె వేగం పెరుగుతుంది, మెదడు పూర్తిగా మేలుకుంటుంది. నిద్ర అనేది ప్రయత్నిస్తే వచ్చేది కాదు, ప్రయత్నించే కొద్దీ దూరం జరుగుతుంది. ఇలా నెలల తరబడి మంచం మీద మేలుకుని పొర్లితే, మంచమంటే మేలుకునే చోటని మెదడుకు అలవాటైపోతుంది. హాల్లో టీవీ ముందు కునికిపాట్లు పడే మనిషికి మంచం ఎక్కగానే నిద్ర ఎగిరిపోయేది అందుకే.

ఇక నిద్ర చాలలేదని ఆయన చేసుకున్న సర్దుబాట్లే నిద్రను ఇంకా పాడుచేశాయి. మధ్యాహ్నం సంగటి తిని గంటసేపు పడుకునేవారు. రాత్రి తొమ్మిదికే మంచం ఎక్కేవారు. నిద్ర పట్టేసరికి తొమ్మిదిన్నర, మెలకువ మూడింటికి. ఐదు దాటాక అరగంట కునుకు, ఆరింటికి లేవడం. అంటే మంచం మీద ఉన్నది తొమ్మిది గంటలు, నిద్రపోయింది ఆరు గంటలు. ఆరును తొమ్మిదితో భాగిస్తే 67 శాతం. దీన్నే నిద్ర సామర్థ్యం అంటారు. 85 శాతం దాటితే బాగున్నట్టు. ఆరు గంటల నిద్రను తొమ్మిది గంటల మేర పరిస్తే మధ్యలో చిరుగులు పడక తప్పదు.

ఆయన్ను చూసిన డాక్టరు మాత్రలు రాయలేదు. రెండు వారాలు పడుకున్న వేళ, లేచిన వేళ ఒక నోట్‌బుక్‌లో రాయించి, మంచం మీద ఉండే సమయాన్ని తగ్గించేశారు. రాత్రి పదకొండున్నరకు ముందు పడుకోకూడదు, ఎలా నిద్రపట్టినా పొద్దున ఐదున్నరకు లేవాలి, మధ్యాహ్నం నిద్ర మానాలి. ‘నిద్ర రావట్లేదంటే ఉన్న నిద్ర కూడా తగ్గిస్తారా?’ అని అయ్యోరు కోప్పడ్డారు. చూడటానికి తలకిందుల వైద్యంలాగే ఉంటుంది. కానీ మేలుకునే సమయం పెరిగితే నిద్ర ఒత్తిడి కూడబడుతుంది, రాత్రి రెండో సగానికి కూడా మిగులుతుంది. మొదటి వారం సాయంత్రాలు ఆయనకు నరకంగా గడిచాయి. ఎనిమిదింటికే కళ్లు మూతలు పడుతుంటే వరండాలో అటూ ఇటూ నడిచేవారు. రెండో వారానికి ఆరు గంటల్లో ఐదున్నర గంటలు నిద్రపోయారు. అంటే 92 శాతం. అప్పుడు పడుకునే వేళను పదిహేను నిమిషాలు ముందుకు జరిపారు. అలా వారానికి ఇంత చొప్పున జరుపుతూ పదిముప్పావుకు వచ్చి ఆగారు. మెలకువ ఇప్పటికీ కొన్ని రాత్రులు వస్తుంది, కానీ నిలవదు.

ఈ పద్ధతిని సొంతంగా చేసుకునేవాళ్లు మంచం మీద ఉండే సమయాన్ని ఐదున్నర గంటల కంటే తగ్గించకూడదు. మూర్ఛ జబ్బు, బైపోలార్ జబ్బు ఉన్నవాళ్లు దీని జోలికి పోకూడదు. ఘాట్ రోడ్డు మీద బండి నడిపేవాళ్లు, యంత్రాల దగ్గర పనిచేసేవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. మొదటి వారాల్లో పగటి మత్తు నిజంగానే ప్రమాదకరం.

మరి ఈ రాత్రే మూడింటికి మెలకువ వస్తే? గడియారం వైపు చూడకండి, ఫోన్ ముట్టకండి. ఓ ఇరవై నిమిషాలు గడిచాయని అనిపించినా, అంతకంటే ముందే చిరాకు మొదలైనా, మంచం దిగి వేరే గదిలోకి వెళ్లండి. పెద్ద లైటు వేయకుండా చిన్న దీపం దగ్గర కూర్చుని పాత పత్రిక చదవడమో, బట్టలు మడతపెట్టడమో చేయండి. రేపటి పని బుర్రలో తిరుగుతుంటే కాగితం మీద రాసి పక్కన పెట్టండి. కళ్లు బరువెక్కాకే మళ్లీ మంచం ఎక్కండి, పట్టకపోతే మళ్లీ దిగండి. అమెరికా మనస్తత్వవేత్త రిచర్డ్ బూట్‌జిన్ 1972లో ప్రతిపాదించిన పద్ధతి ఇది. విసుగు పుట్టించే పనే, కానీ మంచానికీ మెలకువకూ పడిన ముడి విడిపోయేది ఇలాగే. పొద్దున లేచే వేళ మాత్రం మార్చకూడదు, రాత్రి ఎంత పాడైనా సరే.

కాఫీ గురించి ఒక మాట. సాయంత్రం ఐదింటికి తాగిన ఫిల్టర్ కాఫీలోని కెఫీన్ రాత్రి పదికి కూడా చాలామంది ఒంట్లో సగం మిగిలే ఉంటుంది. అది అడినోసిన్ పనిని అడ్డుకుంటుంది. మద్యం తాగితే ముందు నిద్ర పట్టినా, అది ఒంట్లోంచి దిగిపోయే వేళకు, అంటే సరిగ్గా రెండు మూడింటికి, నిద్ర చెదురుతుంది.

అన్ని మెలకువలూ ఈ పద్ధతికి లొంగవు. గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తుంటే అది స్లీప్ అప్నియా కావచ్చు. కలల నిద్రలో అది ఎక్కువవుతుంది కాబట్టి తెల్లవారుజామునే ఎక్కువగా లేపుతుంది. మంచం పక్కన పడుకున్నవాళ్లనే అడిగి తెలుసుకోవాలి. రాత్రికి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేస్తుంటే షుగర్, ప్రోస్టేట్ చూపించుకోవాలి. ఏ పనిమీదా మనసు లేక, దేనిమీదా ఆశ లేక, రోజూ మూడు నాలుగింటికే లేచి కూర్చుంటున్నారంటే అది డిప్రెషన్ లక్షణం కావచ్చు. అప్పుడు ముందు వైద్యం చేయాల్సింది డిప్రెషన్‌కు. అలాంటప్పుడు నిద్ర వేళలు సరిదిద్దుకుంటూ ఇంట్లో కూర్చోకుండా ఆ వారంలోనే మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.