వాయిదా దాటిన అప్పుకు పంపే మెసేజీ: అపోహలు - వాస్తవాలు

అపోహ: బెదిరిస్తేనే బాకీ వసూలవుతుంది.

వాస్తవం: చిన్న ఫైనాన్స్ ఆఫీసుల మెసేజీలను తిరగరాయడం నా పని. ఎక్కువగా నా ముందుకు వచ్చేవి ఇలా ఉంటాయి: “బాకీ వెంటనే కట్టు. లేకపోతే పోలీసు కేసు పెడతాం. ఇంటికి మనుషుల్ని పంపుతాం. మీ వాళ్లందరికీ చెబుతాం.” ఎంత కట్టాలో, ఏ తేదీలోగా కట్టాలో ఇందులో ఎక్కడా లేదు. చదివిన మనిషి భయపడి ఫోను ఎత్తడం మానేస్తాడు, ఆఫీసుకు ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది. పైగా మోసం లేనప్పుడు వాయిదా తప్పడం చాలా దేశాల్లో సివిల్ వ్యవహారం మాత్రమే. పెట్టలేని కేసు పేరు చెప్పి బెదిరిస్తే తప్పు ఆఫీసు వైపుకు మళ్లుతుంది. ఆ మెసేజీయే సాక్ష్యంగా నిలుస్తుంది.

అదే విషయాన్ని నేను ఇలా రాస్తాను:

“_____ గారికి నమస్కారం. 4417తో ముగిసే మీ అప్పు ఖాతాలో ఈ నెల 5న చెల్లించాల్సిన వాయిదా 2,400 మాకు ఇంకా అందలేదు. ఒప్పందం ప్రకారం ఆలస్య రుసుము 50. మొత్తం 2,450ను 18వ తేదీ సాయంత్రం 5 గంటలలోగా చెల్లించండి. ఒకేసారి వీలుకాకపోతే 16లోగా ఆఫీసుకు ఫోను చేయండి. ఇప్పటికే చెల్లించి ఉంటే రసీదు నంబరు తెలపండి. 18లోగా చెల్లింపు గానీ సమాధానం గానీ రాకపోతే 20న లిఖితపూర్వక నోటీసు పంపుతాం.”

అపోహ: మర్యాదగా రాస్తే లోకువవుతాం.

వాస్తవం: లోకువ చేసేది “వీలు చూసుకుని కట్టగలరు” వంటి మాట. పై మెసేజీలో బతిమాలడం లేదు, తేదీ ఉంది. అన్నిటికన్నా బరువైనది చివరి వాక్యం. కానీ 20న నోటీసు నిజంగా వెళ్లాలి. వెళ్లకపోతే తర్వాతి మెసేజీని ఎవరూ పట్టించుకోరు. అందుకే ఆఫీసు ఇంకా నిర్ణయించుకోని కోర్టు మాటను నేను తీసేస్తాను. రుసుమును వాయిదాలో కలపకుండా విడిగా చూపడానికీ కారణముంది: లెక్క మీద గొడవ వస్తే అది దేనిమీదో వెంటనే తెలుస్తుంది. ఒప్పందంలో లేని రుసుము అడగకూడదు.

అపోహ: బంధువులకూ పంపితే సిగ్గుపడి కడతారు.

వాస్తవం: అప్పు వివరాలు సంబంధం లేనివారికి చెప్పడం గోప్యతను భంగపరచడమే, చాలాచోట్ల చట్టవిరుద్ధం కూడా. జామీనుదారు సంగతి వేరు. అతను ఒప్పందంలో సంతకం చేశాడు కాబట్టి, అందులో రాసుకున్న దశ వచ్చాక అతనికి విడిగా నోటీసు పంపవచ్చు. ఇంట్లో ఒకే ఫోను నలుగురూ వాడుతున్నారని తెలిస్తే మాత్రం బాకీ వివరాలు మెసేజీలో పెట్టను. “మీ ఖాతా విషయమై ఆఫీసుకు ఫోను చేయండి” అని రాసి, మిగతాది ఆ మనిషితోనే మాట్లాడమంటాను.

పంపే రోజు ఉదయం ఖాతా పుస్తకం మరోసారి చూడాలి. నిన్న సాయంత్రం కట్టినవారికి ఈరోజు బాకీ మెసేజీ వెళితే, ఎంత మర్యాదగా రాసినా అవమానమే.