చెవి నుంచి తీసినా స్క్రీన్ ఎందుకు వెలగదు?

కాల్‌లో ఉండగా ఫోన్‌ని చెవి దగ్గర నుంచి తీసినా స్క్రీన్ నల్లగానే ఉంటే, డిస్‌ప్లే పోయిందేమోనని టెన్షన్ పడతాం. చాలాసార్లు డిస్‌ప్లేకి ఏమీ కాదు. ఫోన్ చెవికి ఆనించగానే స్క్రీన్ ఆరిపోయేలా చేసే ప్రాక్సిమిటీ సెన్సర్, ముఖం ఇంకా దగ్గరే ఉందని పొరబడుతుంది.

చాలా ఫోన్లలో ఈ సెన్సర్ ఇయర్‌పీస్ దగ్గర, గాజు కింద ఉంటుంది. అందులోని చిన్న ఎల్ఈడీ కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని పంపుతుంది. చెంపకి తగిలి తిరిగొచ్చిన కాంతిని పక్కనున్న ఫొటోడయోడ్ కొలుస్తుంది. కొంత కాంతి మాత్రం పైనున్న గాజుకే తగిలి వెనక్కి వస్తుంది. దాన్ని క్రాస్‌టాక్ అంటారు. ఫోన్ తయారీలోనే దీన్ని లెక్కలోకి తీసుకుని హద్దులు పెడతారు.

ఆ హద్దులు రెండు. ఉదాహరణకి రీడింగ్ 100 దాటితే ‘దగ్గర’, 70 కంటే తగ్గితే ‘దూరం’ అనుకుందాం. ఒకే హద్దు ఉంటే స్క్రీన్ మినుకుమినుకుమంటుంది కాబట్టి మధ్యలో ఖాళీ వదులుతారు. శుభ్రమైన గాజుతో రీడింగ్ 20 ఉండేది, టెంపర్డ్ గ్లాస్ వేశాక 85కి చేరిందనుకోండి. అది 100 దాటలేదు కాబట్టి కాల్ మొదట్లో స్క్రీన్ వెలిగే ఉంటుంది. చెవికి ఆనించగానే 300 అయి ఆరిపోతుంది. తీశాక మళ్లీ 85కే వస్తుంది, 70 కిందికి దిగదు. అందుకే ఒకసారి చెవికి పెట్టాకే ఈ తిప్పలు మొదలవుతాయి.

రీడింగ్‌ని పెంచేది గ్లాస్ ఒక్కటే కాదు. గాజు, గాలి కలిసే ప్రతి చోటా దాదాపు 4 శాతం కాంతి వెనక్కి మళ్లుతుంది. గ్లాస్ కింద గాలి పొర, దుమ్ము ఉన్నా, పైన చెమట, నూనె మరకలు ఉన్నా ఇంకా ఎక్కువ కాంతి చెదిరి వెనక్కి వస్తుంది.

ముందు ఫోన్ ఆఫ్ చేసి, మైక్రోఫైబర్ గుడ్డని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపి ఇయర్‌పీస్ చుట్టూ తుడవండి. ద్రవాన్ని నేరుగా ఫోన్ మీద స్ప్రే చేయకండి, ఇయర్‌పీస్ రంధ్రంలోకి దిగుతుంది. తర్వాత పరీక్షించి చూడండి. చాలా శాంసంగ్ ఫోన్లలో డయలర్‌లో `*#0*#` కొడితే వచ్చే మెనూలో సెన్సర్ పరీక్ష ఉంటుంది. తుడిచినా మారకపోతే గ్లాస్ తీసి మళ్లీ చూడండి. అప్పుడు సరైతే దోషం గ్లాస్‌దే. సెన్సర్ దగ్గర కోత ఉన్నది వేయించుకోవడం మేలు.

షావోమీ ఫోన్లు చాలావాటిలో `*#*#6484#*#*` కొడితే వచ్చే మెనూలో సెన్సర్ కొలతని మళ్లీ సరిచేసే ప్రాక్సిమిటీ కాలిబ్రేషన్ కూడా ఉంటుంది. మీరు వాడబోయే గ్లాస్ వేసి, శుభ్రంగా తుడిచాకే, సెన్సర్ ముందు ఏమీ లేకుండా అది చేయండి. మురికి గాజుతో చేస్తే ఆ మురికే కొత్త కొలమానం అవుతుంది. తర్వాత తుడిస్తే చెంప తగిలినా స్క్రీన్ ఆరకపోవచ్చు, మాట్లాడుతుండగానే మ్యూట్ నొక్కుకుపోతుంది.

కొన్ని మోడళ్లలో ఇన్‌ఫ్రారెడ్‌కి బదులు ఇయర్‌పీస్ నుంచి అల్ట్రాసౌండ్ పంపి దూరం గ్రహిస్తారు. వాటిలో గాజు తుడవడం కంటే ఇయర్‌పీస్ జాలీలో దుమ్ము లేకుండా చూడటం ముఖ్యం.

డిస్‌ప్లే మార్పించాకే ఇది మొదలైతే, ఎల్ఈడీకీ ఫొటోడయోడ్‌కీ మధ్య ఉండే రబ్బరు అడ్డు సరిగా కూర్చోలేదేమో చూడమని మెకానిక్‌ని అడగండి. దాన్ని కాలిబ్రేషన్‌తో కప్పిపుచ్చలేం. ఈలోగా స్పీకర్ మీద గానీ ఇయర్‌ఫోన్స్‌తో గానీ మాట్లాడితే స్క్రీన్ మామూలుగా పనిచేస్తుంది.