అపోహలు – వాస్తవాలు: డైక్‌స్ట్రా టేబుల్‌లో D కింద 9 పడగానే పెన్ను మూసేయకండి

అమీర్‌పేటలో సాయంత్రం బ్యాచ్‌కి అల్గారిథమ్స్ చెప్తాను. షార్టెస్ట్ పాత్ కనిపెట్టే డైక్‌స్ట్రా పద్ధతి స్లైడ్ వచ్చిందంటే చాలు, అందరూ ఫోన్లు తీసి ఒక ఫొటో కొట్టేసి, హమ్మయ్య ఇంటికెళ్లి చూసుకుందాం అనుకుంటారు. ఆ ఫొటోలో ఉండేది చివరి టేబుల్ ఒక్కటే. మధ్యలో వచ్చి, కొట్టివేతకు గురై, ఇంకో అంకెకి చోటిచ్చిన అంకెలు అందులో ఉండవు. పరీక్షలో పిల్లలు తప్పు చేసేది మాత్రం సరిగ్గా అక్కడే. అందుకే చిన్న గ్రాఫ్ ఒకటి వేస్తున్నా, పక్కన కాగితం పెట్టుకుని మీరూ వేయండి. బాణాలు ఒకవైపే వెళ్తాయి, S నుంచి D కి వెళ్లాలి.

```
S→A 7    S→B 2    S→E 4
B→A 3    B→C 8
E→D 5
A→C 1    A→D 6
C→D 2
```

పూర్తి ట్రేస్ ఇది. `5,B` అంటే ఇప్పటిదాకా తెలిసిన దూరం 5, అక్కడికి B నుంచి వచ్చాం అని అర్థం. ప్రతిసారీ టిక్ పడని వాటిలో చిన్న అంకె ఉన్న నోడ్‌కి టిక్ పెట్టి తెరుస్తాం, అంటే దాని బాణాల వెంట వెళ్తే ఎవరి అంకె తగ్గుతుందో చూసి మారుస్తాం. టిక్ పడిందంటే ఆ నోడ్ ఫిక్స్, ఇక దాని అంకెని ముట్టుకోం.

```
         A      B      C      D      E
S(0)    7,S    2,S     ∞      ∞     4,S
B(2)    5,B     ✓    10,B     ∞     4,S
E(4)    5,B          10,B    9,E     ✓
A(5)     ✓            6,A    9,E
C(6)                   ✓     8,C
D(8)                          ✓
```

అపోహ: D కింద అంకె వచ్చేసింది కదా, జవాబు దొరికినట్టే.

వాస్తవం: E వరుస చూడండి. అక్కడే D కి 9 వచ్చేసింది, S నుంచి E, E నుంచి D, దారి కూడా చక్కగా కనిపిస్తోంది. చాలామంది అక్కడితో ఆపేస్తారు. నేనూ బీటెక్‌లో ఇలాంటి ప్రశ్నకే ఆపేసి, హాల్లోంచి అందరికంటే ముందు బయటికొచ్చి, మార్కులు పోగొట్టుకున్నవాణ్నే. అంకె రావడం వేరు, ఫిక్స్ అవడం వేరు. D కి 9 పడేసరికి A 5 దగ్గర ఇంకా తెరవకుండానే ఉంది. దాన్ని తెరిస్తే C 10 నుంచి 6 కి పడిపోయింది, C ని తెరిస్తే D 8 అయింది. మిగిలిన వాటన్నిటిలోకీ D యే చిన్నదై, దానికి టిక్ పెట్టే వంతు వచ్చినప్పుడే ఆగాలి.

టిక్ పెట్టాక మారదని అంత ధీమా ఎందుకంటే, వర్షం పడినప్పుడు మన రోడ్ల మీద నీళ్లు ఎలా పాకుతాయో గుర్తుచేసుకోండి. S దగ్గర నీళ్లు వదిలారు, అన్ని దారుల్లోనూ ఒకే వేగంతో వెళ్తున్నాయి. 4వ నిమిషానికి నీళ్లు E ని తాకాయి. ఇంకో దారిలో E కి ఇంతకంటే ముందు రావాలంటే ఆ నీళ్లు ముందు A కో C కో చేరాలి, A కి చేరేదే 5వ నిమిషంలో. ఆలస్యంగా బయల్దేరింది ముందు చేరదు. దీనికి షరతు ఒక్కటే, ఏ ఎడ్జ్ మీదా నెగెటివ్ వెయిట్ ఉండకూడదు. ఆ సంగతి చివర్లో చెప్తాను.

అపోహ: ఫిక్స్ చేసిన వరుసే దారి.

వాస్తవం: మొన్న ఒక అమ్మాయి లేచి, "సార్, S, B, E, A, C, D అని ఫిక్స్ చేశాం కదా, మరి B నుంచి E కి ఎడ్జే లేదేంటి?" అని అడిగింది. మంచి ప్రశ్న. B తర్వాత E వచ్చింది దూరం లెక్కన, దారి లెక్కన కాదు. దారి కావాలంటే వెనక్కి నడవాలి. D పక్కన C ఉంది, C పక్కన A, A పక్కన B, B పక్కన S. తిరగేస్తే S, B, A, C, D. కూడి చూసుకోండి: 2 + 3 + 1 + 2 = 8. టేబుల్‌లోని అంకెతో సరిపోయింది. E దారిలో లేనే లేదు, అయినా దాన్ని తెరవకుండా ఆ సంగతి తెలిసేది కాదు. పక్కనున్న ఆ అక్షరం రాయకుండా ఒట్టి అంకెలే రాసేవాళ్లు చివర్లో దారి కోసం గ్రాఫ్ వైపు కళ్లు చికిలించుకుని చూస్తుంటారు, పాపం.

అపోహ: ∞ అంటే దారి లేదు.

ఇంకా దొరకలేదు అని, అంతే. అన్నీ అయిపోయాక కూడా ∞ మిగిలితే అప్పుడు లేదు.

అపోహ: ప్రతిసారీ చిన్న ఎడ్జ్ ఎంచుకుంటే చాలు.

వాస్తవం: అది ప్రిమ్ పద్ధతి. ముందు వారం స్పానింగ్ ట్రీ చెప్పి ఉంటారు కాబట్టి చెయ్యి అలవాటుగా అటు పోతుంది. B ఫిక్స్ అయ్యాక B→A ఎడ్జ్ 3 కదా అని A కింద 3 రాసేస్తారు. రాయాల్సింది 2 + 3, అంటే 5. ఈ ఒక్క పొరపాటుతో E కంటే ముందు A కి టిక్ పడుతుంది, ఆపైన C కి 1, D కి 2.

పట్టుకోవడం తేలికే. టిక్ పెట్టిన అంకెలు పైనుంచి కిందికి చదవండి. మన టేబుల్‌లో 0, 2, 4, 5, 6, 8, ఎక్కడా తగ్గలేదు. తప్పు టేబుల్‌లో 0, 2, 3, 1, 2, 4 అని వస్తుంది. మధ్యలో తగ్గిందంటే కూడిక మర్చిపోయారు, లేదా అంతకుముందే ఏదో చిన్న అంకెని వదిలేశారు. పేపర్లు దిద్దేటప్పుడు నేను ముందు చూసేది ఈ వరుసే.

అన్నట్టు, డైక్‌స్ట్రాకి ఈ పద్ధతి 1956లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక కాఫీ హోటల్ దగ్గర కూర్చున్నప్పుడు, కాగితం కలం లేకుండా, దాదాపు 20 నిమిషాల్లో తట్టిందని ఆయనే చెప్పుకున్నారు. అచ్చయింది 1959లో. మనం మాత్రం కాగితం మీదే చేద్దాం.

అపోహ: నెగెటివ్ ఎడ్జ్ ఉంటే అన్నిటికీ ఒకే అంకె కలిపేసి పాజిటివ్ చేసుకోవచ్చు.

వాస్తవం: వినడానికి బాగుంటుంది, పనిచేయదు. S→A 2, S→B 5, B→A −4 తీసుకోండి. డైక్‌స్ట్రా A ని 2 దగ్గరే ఫిక్స్ చేసేస్తుంది, నిజానికి B మీదుగా వెళ్తే 1. సరే, అన్నిటికీ 4 కలుపుదాం: 6, 9, 0. ఇప్పుడు నేరుగా వెళ్తే 6, B మీదుగా 9. తప్పు దారే గెలిచింది. ఒక ఎడ్జ్ ఉన్న దారికి 4 ఒక్కసారే పడింది, రెండు ఎడ్జ్‌లున్న దారికి రెండుసార్లు పడింది, అదీ మోసం.

కొందరు కోడ్ రన్ చేసి "సార్, నాకు 1 అనే వచ్చింది" అంటారు. వాళ్ల కోడ్‌లో టిక్ పెట్టడం లేదు, అంకె తగ్గినప్పుడల్లా నోడ్‌ని మళ్లీ క్యూలో వేస్తోంది. నెగెటివ్ సైకిల్, అంటే ఒక చుట్టు తిరిగొస్తే మొత్తం సున్నా కంటే తక్కువయ్యే దారి, లేనంతవరకు జవాబు సరైనదే వస్తుంది, కానీ అదే నోడ్‌ని పదేపదే తెరుస్తూ పోతే కొన్ని గ్రాఫ్‌లలో పని ఎక్స్‌పొనెన్షియల్‌గా పెరిగిపోతుంది. అలాంటి చోట నెగెటివ్ ఎడ్జ్‌లున్నా పనిచేసే బెల్‌మన్–ఫోర్డ్ పద్ధతి వాడండి. ఈ మూడు నోడ్ల గ్రాఫ్‌లో అన్ని ఎడ్జ్‌లనూ రెండు రౌండ్లు చూస్తే సరిపోతుంది. మూడో రౌండ్‌లో కూడా ఏదైనా అంకె తగ్గిందంటే S నుంచి చేరగలిగే చోట ఎక్కడో నెగెటివ్ సైకిల్ ఉన్నట్టే, ఆ సైకిల్ మీదుగా చేరే నోడ్లకు షార్టెస్ట్ పాత్ అనేదే ఉండదు.