రోడ్డు పక్క చెట్టు మీద పసుపు మచ్చ

బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు పువ్వు కాదు, లైకెన్. ఒక శిలీంధ్రం, ఒక శైవలం కలిసి కాపురం చేస్తే ఏర్పడేది. దీనికి వేళ్లుండవు. నీరు, పోషకాలు దాదాపు అన్నీ వాన నుంచీ గాలి నుంచే తీసుకుంటుంది, కాబట్టి గాలిలో ఏముంటే అదే దాని ఒంట్లోకీ చేరుతుంది. పారిస్ లోని లక్సెంబర్గ్ తోటలో చెట్ల మీది లైకెన్లను చూసి, ఇవి గాలి మంచిచెడ్డలు చెప్పగలవని ఫిన్లాండ్ వృక్షశాస్త్రవేత్త నైలాండర్ 1866లోనే రాశాడు.

బొగ్గు పొగ రోజుల్లో లెక్క సులువు. సల్ఫర్ డయాక్సైడ్ పెరిగితే లైకెన్ జాతులు తగ్గేవి. రోడ్డు విషయంలో మాత్రం ఆ సూత్రం మోసం చేస్తుంది. ఇంగ్లండులో ఓక్ చెట్ల మధ్య నుంచి పోయే ఒక రద్దీ రోడ్డును ఊహించుకుందాం. దాని ప్రభావం ఎంత దూరం పోతుందో లైకెన్లను చూసి తేల్చాలి.

రోడ్డుకు లంబంగా గీత గీస్తాం. దీన్ని ట్రాన్సెక్ట్ అంటారు. వాహనాల కాలుష్యం మొదటి వంద, రెండు వందల మీటర్లలోనే బాగా పడిపోతుంది. అందుకే చెట్లను సమాన దూరాల్లో కాకుండా 10, 25, 50, 100, 200, 400 మీటర్ల దగ్గర ఎంచుకోవడం మేలు. ఒక్క గీత చాలదు. దాని పక్కన పశువుల కొట్టం ఉందనుకోండి, మనం కొలిచేది రోడ్డును కాదు, పేడ నుంచి వచ్చే అమ్మోనియాను. అందుకని రోడ్డుకు రెండు వైపులా, వేర్వేరు చోట్ల నాలుగైదు గీతలైనా కావాలి. చెట్లన్నీ ఒకే జాతివి కావాలి. ఓక్ బెరడు సహజంగా ఆమ్లగుణం కలది, యాష్ చెట్టుది అంత కాదు. రెండూ కలిపామంటే గాలికి బదులు బెరడు తేడా లెక్కలోకి ఎక్కుతుంది. ఒరిగిన చెట్లు, నాచు కప్పేసిన కాండాలు వదిలేయాలి.

యూరప్ పద్ధతిలో కాండం మీద నేల నుంచి మీటరు ఎత్తున, నాలుగు దిక్కులా ఒక్కో నిచ్చెన లాంటి చట్రం పెడతారు. ఒక్కో దానిలో 10 సెంటీమీటర్ల గళ్లు అయిదు. ప్రతి జాతీ ఎన్ని గళ్లలో కనిపిస్తే అన్ని మార్కులు. ఉత్తరం వైపు జాంథోరియా అనే లైకెన్ 5 గళ్లలో, ఫిజియా అనేది 5 గళ్లలో, మరొకటి 2 గళ్లలో ఉంటే ఆ దిక్కుకు 12. ఒక చోటి చెట్లన్నిటికీ దిక్కువారీగా సగటు తీసి, నాలుగు దిక్కులూ కూడితే వైవిధ్య విలువ వస్తుంది.

ఇప్పుడు ఒక ఊహా లెక్క చూడండి. 10 మీటర్ల దగ్గర విలువ 46, 400 మీటర్ల దగ్గర 44. ఈ రెండు అంకెలే చూస్తే రోడ్డు ఏ హానీ చేయనట్టే! కానీ 46లో 38 మార్కులు నత్రజని అంటే ఇష్టపడే జాతులవే: పసుపు రంగు జాంథోరియా పరియెటినా, బూడిద రంగు ఫిజియాలు. ఆమ్ల బెరడును కోరే జాతులు సున్నా. దూరపు 44లో నత్రజని బాపతు 9 మాత్రమే, హైపోజిమ్నియా, ఎవర్నియా, ఉస్నియా లాంటి ఆమ్లప్రియులవి 21. మొత్తం మారలేదు, కాపురాలు మారాయి.

కారణం కొంచెం తమాషాగా ఉంటుంది. పెట్రోలు కార్ల పొగను శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్ నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే క్రమంలో కొంత అమ్మోనియాను పుట్టిస్తుంది. అది బెరడు ఆమ్లాన్ని తగ్గించి, పైగా ఎరువూ వేస్తుంది. అందుకే మొత్తం విలువను ఒక్కదాన్నే గ్రాఫులో పెట్టే నివేదికను నేను నమ్మను. రెండు గుంపులకూ విడివిడిగా గీయాలి. ఆమ్లప్రియులు మళ్లీ ఎన్ని మీటర్ల దగ్గర కనిపించడం మొదలైందో, రోడ్డు ప్రభావం దాదాపు అంతవరకు.

అయితే రోడ్డు మీది సున్నపు దుమ్ము కూడా బెరడు ఆమ్లాన్ని విరిచేస్తుంది. కాబట్టి బెరడు పీహెచ్ ఒక్కటే కొలిస్తే ఎవరి పని అన్నది తేలదు. కొన్ని వారాలు గాలిలో అమ్మోనియాను పట్టే గొట్టాలు అవే చెట్లకు కట్టి పోల్చుకోవాలి. లైకెన్ నెమ్మదిగా పెరిగేది గనుక నిరుడు తెరిచిన రోడ్డును ఇప్పుడే చూపించదు. గంధకపు పొగలో బతకడం నేర్చి ఇంగ్లండు పట్టణాల చెట్లను కప్పేసిన లెకనోరా కోనిజాయిడీస్ ఇప్పుడు వెతికినా అరుదే. ఆ పొగ తగ్గాక మిగతా జాతులు తిరిగి రావడానికి ఏళ్లు పట్టింది. కొన్ని చోట్ల ఆమ్లప్రియులు లేకపోవడం పాత పొగ మిగిల్చిన లోటు కూడా కావచ్చు.

ఈ జాతుల పట్టికను తెచ్చి హైదరాబాద్ వేపచెట్టు మీద పెడితే పని జరగదు. మన మైదానాల నగరాల్లో కాలుష్యానికి తట్టుకునే లైకెన్ గా పేరున్నది పిక్సిన్ కొకోయిస్. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు దాన్ని ఎక్కువగా వాడింది లోహాలను పట్టే సాధనంగా: రోడ్ల పక్క నుంచి సేకరించి, దాని ఒంట్లో ఏ లోహం ఎంత చేరిందో ల్యాబులో చూస్తారు. ఒకే జాతి రాజ్యమేలే చోట ఎన్ని జాతులున్నాయని లెక్కించడం కన్నా ఆ ఒక్కదాన్నే కోసి చూడడం ఎక్కువ చెబుతుంది.